కాలిపోయిన సరుకుకు లెక్క కట్టడం ఎలా?

(బట్టల వర్తకుల సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ మాట్లాడిన మాటలకు అక్షరరూపం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ఇన్సూరెన్స్ క్లెయిమ్. మొత్తం చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది కాబట్టి ఒక్క షాపు కథ చెబుతాను. ఊరు, పేరు చెప్పను. లెక్క మాత్రం దాచకుండా చెబుతాను.

2019 సెప్టెంబరు 28, శనివారం రాత్రి. దసరా ఇంకో పది రోజులుంది. బట్టల షాపులో అప్పుడు సరుకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గూళ్లు నిండి, కింద నడిచే దారిలో కూడా బేళ్లు పెట్టుకుంటాం. ఆ రాత్రి పన్నెండు దాటాక షార్ట్ సర్క్యూట్ అయింది. ఫైరింజన్ వచ్చేసరికి కింది అంతస్తు చాలావరకు పోయింది. తెల్లవారుజామున షాపు యజమాని నాకు ఫోన్ చేసి, "ఆడిటర్ గారూ, అయిపోయిందండీ" అన్నారు. ఇంకేం మాట్లాడలేకపోయారు.

మూడో రోజు సర్వేయర్ వచ్చారు. నష్టం పెద్దదైతే లైసెన్సు ఉన్న సర్వేయర్ వచ్చి అంచనా కట్టాలని ఇన్సూరెన్స్ చట్టంలోనే ఉంది. ఆయన బూడిదలో అటూ ఇటూ తిరిగి, మెట్ల మీద కూర్చుని, మొదటి ప్రశ్న అడిగారు: "ఆ రాత్రి షాపులో సరుకు ఎంత ఉంది?"

మావాడు తడుముకోకుండా "డెబ్బై లక్షలు" అన్నారు.

"ఎలా చెబుతున్నారు?"

"ముప్పై ఏళ్ల నుంచి కూర్చుంటున్న షాపండీ. చూస్తే తెలీదా?"

సర్వేయర్ నవ్వలేదు, కోప్పడలేదు. పుస్తకంలో 'స్టాక్ రిజిస్టర్ లేదు' అని రాసుకున్నారు. అసలు కథ ఆ మాట దగ్గరే మొదలవుతుంది. మనలో చాలామందికి ఏ చీర ఎన్ని ఉన్నాయి, ఏ రోజు ఎన్ని వెళ్లాయి అని రాసే అలవాటు లేదు. మార్చి 31న ఒకసారి లెక్కపెడతాం, మళ్లీ వచ్చే మార్చి 31నే. మరి సెప్టెంబరు 28 రాత్రి ఎంత ఉందో ఎవరు చెప్పాలి? ఉన్న సరుకు చాలావరకు బూడిదైంది, లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. బీకాం చదివిన పిల్లలు 'మెమొరాండం ట్రేడింగ్ అకౌంట్' అని పరీక్షలో రాసే ఉంటారు. దానిలో ఉన్న ఆలోచన మాత్రం చాలా మామూలుది. ఏప్రిల్ 1న షాపులో ఉన్నది మనకు తెలుసు. ఆ తర్వాత కొన్నది బిల్లుల్లో ఉంది. ఈ రెండూ కలిపితే షాపులోకి వచ్చిన మొత్తం. అందులోంచి బయటికి వెళ్లినది తీసేస్తే మిగిలిందే ఆ రాత్రి ఉన్న సరుకు. చిక్కల్లా ఒక్కటే. వెళ్లిన సరుకును మనం అమ్మిన ధరలో రాసుకున్నాం, కొన్నది మాత్రం కొన్న ధరలో ఉంది. రెండూ ఒకే కొలతలోకి రావాలంటే అమ్మకాల్లోంచి మన లాభం తీసేయాలి. ఆ లాభం ఎంత శాతమో చెప్పేదే గ్రాస్ ప్రాఫిట్ రేషియో, మనం జీపీ అంటాం.

ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది కూడా కొన్న ధరే. "అమ్మితే ఇంత వచ్చేది" అన్నది ఈ పాలసీలో లేదు. పోయిన లాభానికి వేరే పాలసీ ఉంది, ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

సర్వేయర్ రెండో ప్రశ్న: "మీ మార్జిన్ ఎంత?"

మావాడు "రూపాయికి పావలా అండీ, ఇరవై ఐదు" అన్నారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే ఈ సభలో ఉన్న వాళ్లలో సగం మంది అదే జవాబు చెబుతారు, అందరూ నిజమే చెబుతారు, అయినా లెక్క తప్పుతుంది. రూపాయికి పావలా అంటే ఏమిటి? రూపాయికి కొన్నది రూపాయి పావలాకు అమ్ముతాం. కొన్న ధర మీద అది 25 శాతం. కానీ అమ్మిన రూపాయి పావలాలో మన పావలా ఎంత వంతు? అయిదో వంతు, అంటే 20 శాతం. జీపీ రేషియో ఎప్పుడూ అమ్మకాల మీద కట్టేది. ఆ పావలాను పొరపాటున అమ్మకాల మీద 25 శాతంగా వేస్తే, వెళ్లిన సరుకు తక్కువగా, మిగిలిన సరుకు ఎక్కువగా కనబడుతుంది. ఈ షాపు విషయంలో ఆ ఒక్క తేడా 3,70,000 రూపాయలు. సర్వేయర్‌కు మొదటి అనుమానం పుట్టేది ఇలాంటి చోటే. మనం అబద్ధం ఆడలేదు, మన బజారు భాషలో మాట్లాడాం. ఆయనకు మాత్రం అది క్లెయిమ్ పెంచడంలాగే కనబడుతుంది.

సరే, నోటిమాట పక్కనపెట్టి పుస్తకాల్లోంచి శాతం తీద్దాం. దానికి కిందటి పూర్తి ఏడాది, 2018-19, తీసుకున్నాం. ఏడాది మొదట్లో సరుకు 32 లక్షలు. లారీ బాడుగ, హమాలీ కలిపి కొనుగోళ్లు 118 లక్షలు. మార్చి 31న మిగిలిన సరుకు బ్యాలెన్స్ షీటులో 38.5 లక్షలు. అంటే అమ్ముడైన సరుకు కొన్న ధర 111.5 లక్షలు. అమ్మకాలు 137.5 లక్షలు. లాభం 26 లక్షలు. శాతం కడితే 18.9 వస్తుంది.

ఆయన 'పావలా' అన్నారు కాబట్టి 20 రావాలి. ఒక్క శాతానికి కాస్త ఎక్కువ ఎక్కడ పోయింది? వెతికితే మార్చి సరుకు జాబితాలో దొరికింది. రెండేళ్ల కిందట మోజుపడి తెచ్చిన ఒక రకం ఫ్యాన్సీ చీరలు కదల్లేదు. కొన్న ధర 4 లక్షలు. "ఇంక వీటికి ఆ ధర రాదు" అని నేనే వాటిని మార్చిలో 2.5 లక్షలకు తగ్గించి రాయించాను. అలా రాయడం సరైనదే. కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువది రాయాలన్నది నియమం. కానీ ఆ లక్షన్నర నష్టం మొత్తం షాపు లాభాన్ని కిందికి లాగింది. మామూలుగా కదిలే సరుకు మీద వచ్చే శాతం కావాలంటే, ముందు ఆ లక్షన్నరను వెనక్కి కలపాలి. అప్పుడు మార్చి సరుకు 40 లక్షలు, అమ్ముడైన సరుకు 110 లక్షలు, లాభం 27.5 లక్షలు. 137.5 మీద అది సరిగ్గా 20 శాతం. ఆయన పావలా నిజమే!

అంతకుముందు రెండేళ్లవి కూడా తీశాం. 19.7, 20.2. సర్వేయర్‌కు ఈ రెండు అంకెలే ఎక్కువ నమ్మకం కలిగించాయి. ఒక ఏడాది అంకె ఎవరైనా తీర్చిదిద్దవచ్చు. మూడేళ్లు వరసగా 20 చుట్టూ తిరుగుతోందంటే అది ఆ షాపు స్వభావం అన్నమాట. తేడా చిన్నదే కదా అనుకోకండి. 18.9కి, 20కి మధ్య ఈ క్లెయిమ్‌లో 80 వేల పైచిలుకు ఉంది.

ఇప్పుడు ఈ ఏడాది, ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 28 దాకా. ఇక్కడే అందరూ తొందరపడతారు. పుస్తకంలో ఉన్న అంకెలు తీసుకుని, శాతం వేసి, ఇదిగో అంటారు. పుస్తకం అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ అగ్నికి ఆహుతి అయిన సరుకు గురించి రాసిన పుస్తకం కాదది. ఒక్కో అంకెను ఆపి, "నువ్వు ఆ రాత్రి షాపులో ఉన్నావా?" అని అడగాలి.

కొనుగోళ్లు 84 లక్షలు ఉన్నాయి. అందులో సెప్టెంబరు 24 తేదీ బిల్లు ఒకటి, సూరత్ నుంచి, 5 లక్షలు. మా కుర్రాడు బిల్లు మెయిల్‌లో రాగానే ఎంట్రీ వేసేశాడు. సరుకు ఎక్కడుంది? ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గోడౌన్‌లో, నిక్షేపంగా. మంటలు దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. దాన్ని తీసేయాలి. తీయకపోతే కాలని సరుకుకు డబ్బు అడిగినట్టు అవుతుంది. ట్రాన్స్‌పోర్ట్ వాడి రిజిస్టరు చూస్తే అయిదు నిమిషాల్లో బయటపడుతుంది, ఆ తర్వాత మనం చెప్పే ప్రతి మాటకూ రుజువు అడుగుతారు. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది. సరుకు దిగింది, బిల్లు ఎంట్రీ కాలేదు. అది కలుపుకోవాలి. ఆయన దగ్గర అలాంటిది లేదు.

రెండోది ఇంటి సంగతి. మే నెలలో ఆయన అమ్మాయి పెళ్లి. పెట్టుబడి చీరలు షాపులోంచే వెళ్లాయి, కొన్న ధర 60 వేలు. బిల్లు లేదు, ఎంట్రీ లేదు. సొంత షాపులోంచి సొంత కూతురికి తీసుకెళితే ఎవరు రాస్తారు! కానీ ఆ చీరలు అమ్మకాల్లో లేవు, షాపులోనూ లేవు. మనం చెప్పకపోతే లెక్క ప్రకారం అవి కాలిపోయినట్టే. ఆయన మొదట "అవి కూడా చెప్పాలా?" అన్నారు. చెప్పాం. 84లో 5 పోయి 79, అందులో 60 వేలు పోయి 78.4 లక్షలు.

ఇక అమ్మకాలు. వసూళ్లు మొత్తం 78.75 లక్షలు. ఇక్కడ ఆయన తన నెత్తిన తనే రాయి వేసుకోబోయారు. ఆ వసూళ్లలో 5 శాతం జీఎస్టీ కలిసి ఉంది. అది మన అమ్మకం కాదు, గవర్నమెంటు డబ్బు మన గల్లాపెట్టెలో నాలుగు రోజులు కూర్చుంది, అంతే. దాన్ని తీసేస్తే అమ్మకాలు 75 లక్షలు. కొనుగోళ్లు జీఎస్టీ లేకుండా రాసుకుని, అమ్మకాలు జీఎస్టీతో రాస్తే, వెళ్లిన సరుకు ఎక్కువగా లెక్క తేలుతుంది. ఆ 3.75 లక్షల్లో 80 శాతం, అంటే 3 లక్షల సరుకు క్లెయిమ్‌లోంచి ఊరికే ఎగిరిపోయేది. ఎదుటివాళ్లు పట్టుకునే తప్పుల గురించే భయపడతాం గానీ, మనకే నష్టం చేసే తప్పును ఎవరూ పట్టుకోరు.

ఆ 75లో కదలని ఫ్యాన్సీ చీరలు కూడా ఉన్నాయి. ఆషాఢం సేల్‌లో వాటిలో సగం వెళ్లగొట్టారు. కొన్న ధర 2 లక్షలవి 1 లక్షకు పోయాయి. వాటి మీద 20 శాతం లాభం అనడం కుదరదు కాబట్టి, ఆ లక్షను పక్కకు తీశాం. మామూలు సరుకు అమ్మకం 74 లక్షలు. అలాగే ఏప్రిల్ 1 సరుకు 40 లక్షల్లో ఆ చీరల 4 లక్షలు పక్కనపెడితే మామూలు సరుకు 36 లక్షలు.

బోర్డు మీద రాస్తాను, చూడండి.

ఏప్రిల్ 1న మామూలు సరుకు: 36 లక్షలు
నికర కొనుగోళ్లు: 78.4 లక్షలు
మొత్తం: 114.4 లక్షలు
అమ్మకాలు 74 లక్షలు, అందులో లాభం 14.8, వెళ్లిన సరుకు కొన్న ధర: 59.2 లక్షలు
ఆ రాత్రి ఉన్న మామూలు సరుకు: 55.2 లక్షలు

మిగిలిన సగం ఫ్యాన్సీ చీరలు ఉన్నాయి కదా, వాటికి ఎంత? కొన్న ధర 2 లక్షలు అడగలేం. పుస్తకంలో 1.25 ఉంది. కానీ రెండు నెలల ముందే అదే చీరల్లో సగం లక్షకు అమ్మాం, బిల్లులున్నాయి. కాబట్టి లక్షే. మొత్తం 56.2 లక్షలు.

డెబ్బై అన్న మనిషికి 56.2 చూపిస్తే ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. "ముప్పై ఏళ్ల అనుభవం అబద్ధమా?" అన్నారు. సర్వేయర్ అప్పటికే ఇంకో దారిలో చూసి వచ్చారు. ఇనుప ర్యాకులు వంగిపోయినా నిలబడే ఉన్నాయి. గూళ్లు లెక్కపెడితే 240. ఒక్కో గూటిలో సగటున 40 చీరలు, సగటు కొన్న ధర 500. అది 48 లక్షలు. కింద బేళ్లు ఓ నాలుగు లక్షలు. వెనక గదిలో కాలకుండా మిగిలినవి ఇంకో నాలుగు లక్షలు పైన. 56 దగ్గరే తేలుతోంది. డెబ్బై లక్షల సరుకు పెట్టాలంటే ఆ షాపులో చోటే లేదు! రెండు వేర్వేరు దారులు ఒకే చోటికి వచ్చాయి కాబట్టి ఆయనకు మా లెక్క మీద నమ్మకం కుదిరింది. బట్టల విషయంలో ఇంకో సంగతి ఉంది. మడత పెట్టి గట్టిగా కట్టిన బేలు పూర్తిగా కాలదు. అంచులు మాడి, లోపల పొగ, నీళ్లు పట్టి మిగులుతుంది. అందుకే బూడిద కుప్పను తిరగేసి చూస్తారు. బేళ్లు ఉన్నాయని చెప్పిన చోట మాడిన బేలు ముక్క కూడా లేకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. క్లీనింగ్ పేరుతో సర్వేయర్ రాకముందే ఆ కుప్పను ట్రాక్టర్‌లో ఎత్తి పంపేయకండి. అది చెత్త కాదు, మీ రుజువు.

అయితే మరి ఆ డెబ్బై ఎక్కడి నుంచి వచ్చింది? ఇది చెప్పడం కాస్త ఇబ్బందే, కానీ ఇక్కడున్నది మనవాళ్లే. బ్యాంకులో ఆయనకు క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉంది, అంటే షాపులో సరుకును బట్టి ఇచ్చే అప్పు. నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆగస్టు 31న ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో సరుకు 66 లక్షలని ఉంది. అక్కడి నుంచి పండగ సరుకు వచ్చింది కాబట్టి డెబ్బై అని ఆయన మనసులో స్థిరపడిపోయింది. ఆ 66 ఎవరూ లెక్కపెట్టింది కాదు. లిమిట్ తగ్గకుండా ఉండడానికి రాసిన అంకె. (సభలో నవ్వులు) నవ్వకండి, మీ స్టేట్‌మెంట్లు కూడా నేను చూస్తుంటాను.

సర్వేయర్ ఆ స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి తెప్పించుకున్నారు. ఎలాగూ తెప్పించుకుంటారు, ఎందుకంటే సరుకు మీద బ్యాంకుకు హక్కు ఉంది, పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది, క్లెయిమ్ డబ్బు కూడా ముందు బ్యాంకుకే వెళుతుంది. "బ్యాంకుకు 66 అన్నారు, జీఎస్టీ రిటర్నులు, మీ పుస్తకాలు 56 అంటున్నాయి, ఏది నిజం?" అని రాతపూర్వకంగా అడిగారు. ఇక్కడ ఏ దారిన వెళ్లినా ముల్లే. 66 నిజమంటే పుస్తకాలు అబద్ధం, అంటే బిల్లు లేకుండా కొన్నట్టు. 56 నిజమంటే బ్యాంకుకు అబద్ధం చెప్పినట్టు. మేము పుస్తకాలే నిజమని, బ్యాంకు అంకె అంచనాతో రాసిందని ఒప్పుకుంటూ జవాబు ఇచ్చాం. దాని గురించి బ్యాంకులో మాట పడాల్సి వచ్చింది, క్లెయిమ్ మూడు నెలలు వెనక్కి పోయింది.

ఇప్పుడు 56.2 నుంచి నష్టానికి వద్దాం. వెనక గదిలో చెక్కుచెదరకుండా మిగిలింది కొన్న ధరలో 4.2 లక్షలు. పొగ, నీళ్లు పట్టినవి వేలం వేస్తే 2 లక్షలు వచ్చాయి. ఈ రెండూ తీసేస్తే నష్టం 50 లక్షలు.

"అయితే యాభై వస్తుందన్నమాట" అన్నారాయన. రాదు. ఆయన పాలసీ 40 లక్షలకు.

"సరే, నలభై వస్తుంది కదా?" అదీ రాదు.

ఇదే చాలామందికి మింగుడుపడదు. పాలసీలో యావరేజ్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది. దాని మాట ఇది: షాపులో 56.2 లక్షల సరుకు ఉంటే 40 లక్షలకే ఇన్సూరెన్స్ తీసుకున్నావు, అంటే మిగతా 16.2 లక్షలకు నీకు నువ్వే ఇన్సూరెన్స్ కంపెనీ. కాబట్టి నష్టంలో కూడా నీ వంతు నువ్వు భరించు. 50 లక్షలను 40తో హెచ్చించి 56.2తో భాగిస్తే 35.59 లక్షలు. అదీ ఆయనకు రావలసింది. అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం కూడా తగ్గుతుంది.

ఆ 40 లక్షలు ఎలా పెట్టారంటారా? ఏప్రిల్‌లో రెన్యువల్‌కు ఏజెంట్ వచ్చి "మార్చి స్టాక్ ఎంత?" అని అడిగితే 40 అన్నారు. మార్చికి అది సరైన అంకే! కానీ బట్టల షాపుకు మార్చి చాలా పలచటి నెల. మంట దసరా ముందు వచ్చింది. ఇంకో వింత చూడండి. ఆయన అన్నట్టు సరుకు డెబ్బై లక్షలే అయి, అదే పాలసీ మీద అదే నష్టం అడిగితే యావరేజ్ ఇంకా గట్టిగా కోసేది, 50కి 28.57 మాత్రమే మిగిలేది. సరుకు ఎక్కువ చెబితే డబ్బు ఎక్కువ వస్తుందనుకోవడం అన్నిసార్లూ నిజం కాదు.

2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకు కొత్త పాలసీలు వచ్చాయి. ఒక చోట ఉన్న ఆస్తి విలువ మొత్తం 5 కోట్ల లోపు ఉంటే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష', దాని పైన 50 కోట్ల దాకా 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష'. వీటిలో తక్కువ ఇన్సూరెన్స్ తేడా 15 శాతం లోపు ఉంటే పట్టించుకోరు. మన కేసులో తేడా 28.8 శాతం. కొత్త పాలసీ ఉన్నా ఆ గీత దాటిపోయి ఉండేది.

ఇక మీ ప్రశ్నలు.

*మాది చీరలు, రెడీమేడ్, స్కూలు యూనిఫాం అన్నీ కలిపిన షాపు. ఒకే శాతం వేస్తే సరిపోతుందా?*

సరిపోదు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలహీనత అదే. సగటు శాతం పనిచేయాలంటే కిందటి ఏడాది ఏ పాళ్లలో అమ్మారో ఈ ఏడాది కూడా ఇంచుమించు అవే పాళ్లు ఉండాలి. మీకు జూన్‌లో ఒక స్కూలు ఆర్డర్ వచ్చి 10 లక్షల యూనిఫాం 8 శాతం లాభానికి ఇచ్చారనుకోండి. దానికి 20 వేస్తే వెళ్లిన సరుకు 8 లక్షలు అంటుంది లెక్క, నిజానికి వెళ్లింది 9.2 లక్షలు. లేని 1.2 లక్షల సరుకు కాలిపోయిన ఖాతాలో కనబడుతుంది. విభాగాలవారీగా అమ్మకాలు, కొనుగోళ్లు విడిగా ఉంటే ఒక్కోదానికీ వేరే లెక్క వేయాలి. లేకపోతే కనీసం ఇలాంటి పెద్ద ఆర్డర్లను నేను ఫ్యాన్సీ చీరల్ని తీసినట్టు పక్కకు తీయండి. ఆషాఢం తగ్గింపు సంగతి కూడా అడుగుతారేమో. ప్రతి ఏటా ఒకే మోతాదులో ఇస్తుంటే ఆ తగ్గింపు ఏడాది సగటులోనే ఇమిడి ఉంటుంది. కానీ ఒక చిక్కు ఉంది. ఆషాఢం అయ్యాక, దసరాకు ముందు మంట వస్తే, తక్కువ లాభం నెల మన ఆరు నెలల్లో ఉంది, ఎక్కువ లాభం నెలలు ఇంకా రాలేదు. సర్వేయర్ గట్టివాడైతే కిందటి ఏడాది కూడా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రమే చూపించమంటాడు. అది అడిగే హక్కు ఆయనకు ఉంది.

*బిల్లు లేకుండా కొన్ని అమ్మకాలు ఉంటాయి కదా, వాటి సంగతి?*

(నవ్వులు) ఉంటాయని మీరే అంటున్నారు, నేను అనలేదు. బిల్లు లేని అమ్మకం వల్ల వెళ్లిన సరుకు పుస్తకంలో వెళ్లనట్టే ఉంటుంది. లెక్క వేస్తే కాలిన సరుకు పెరుగుతుంది. పైకి అది మీకు లాభంలా కనబడుతుంది. కానీ గూళ్ల లెక్క వేసినప్పుడు, బూడిద తిరగేసినప్పుడు అంత సరుకు కనబడదు. అప్పుడు అడిగే మొదటి ప్రశ్న అదే. ఇంకోవైపు బిల్లు లేకుండా కొన్నది అసలు లెక్కలోకే రాదు. అది పూర్తిగా మీ ఖర్చు.

*కొనుగోలు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ మళ్లీ కట్టాలంటున్నారు. నిజమేనా?*

నిజమే. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాం కదా, నాశనమైన సరుకు మీద ఆ క్రెడిట్ నిలవదు, వెనక్కి ఇవ్వాలి. అంటే ఆ సరుకు మీకు 5 శాతం ఎక్కువ ఖరీదైనట్టే. దాన్ని క్లెయిమ్‌లో అడగవచ్చు, కానీ ఇన్సూరెన్స్ మొత్తం పెట్టేటప్పుడే జీఎస్టీ కలిపి పెట్టారా లేదా అన్నది చూస్తారు. కలపకుండా పెట్టి, నష్టంలో మాత్రం కలిపి అడిగితే యావరేజ్ లెక్క మళ్లీ మీ మీదే తిరగబడుతుంది.

*కంప్యూటర్ కూడా కాలిపోతే?*

ఆ షాపులో అదే జరిగింది. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది గానీ, ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటర్ పక్కన సొరుగులోనే ఉంది. కిందటి ఏడాది మొత్తం నా ఆఫీసులో ఉంది కాబట్టి శాతం తీయడం కష్టం కాలేదు. ఈ ఏడాది అమ్మకాలు నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లోంచి తీశాం. కొనుగోళ్లకు పోర్టల్‌లో జీఎస్టీఆర్-2ఏ ఉంటుంది, సప్లయర్లు వేసిన బిల్లులన్నీ అందులో కనబడతాయి. వాటిని సప్లయర్ల ఖాతా కాపీలతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూశాం. సెప్టెంబరు నెల రిటర్ను ఇంకా వేయలేదు కాబట్టి ఆ 28 రోజులే మమ్మల్ని ఏడిపించాయి. ఆ రోజుల అమ్మకాల కోసం కార్డు మెషిన్ వసూళ్లు, బ్యాంకులో కట్టిన నగదు, ఆఖరికి బిల్లు బుక్కుల్లో ఒకటి క్యాషియర్ సంచిలో ఇంటికి వెళ్లిందని తెలిసి అదీ తెప్పించాం. ఆ పుస్తకంలో ఆఖరి బిల్లు శనివారం రాత్రి తొమ్మిదింటికి రాసింది. రెండు చీరలు, 1,890 రూపాయలు.